గ్రాముకు ఇరవై ఐదు రూపాయలు

మా ఇంట్లో బంగారానికి రెండు భాషలు. నాన్న, చిత్తప్ప తమిళంలో మాట్లాడతారు కాబట్టి వాళ్ళకది 'పవును', లేదంటే 'సవరన్'. అమ్మది నగరి వైపు. ఆమెకది 'కాసు'. మూడు మాటలకూ తూకం ఒకటే, ఎనిమిది గ్రాములు. ఇంగ్లాండు వాళ్ళ సావరిన్ అనే బంగారు నాణెం 22 క్యారెట్లది, బరువు 7.988 గ్రాములు. ఆ నాణెం పేరే తమిళంలో సవరన్ అయింది, దాని బరువే ఎనిమిదికి సర్దుకుంది. హైదరాబాదు వాళ్ళయితే పది గ్రాములు చెప్పి తులం అంటారు. పాత తులం అసలు 11.66 గ్రాములు, కానీ ఇప్పుడు కొట్లో తులం అంటే పదే.

ఈ మాటల సంగతి ముందే చెప్పడానికి కారణముంది. కిందటేడు అక్క పెళ్ళికి ఐదు సవర్ల హారం కొనాల్సి వచ్చినప్పుడు మా ఇంట్లో వచ్చిన గొడవలో సగం ఈ మాటల దగ్గరే మొదలైంది. మిగతా సగం ఒక అంకె దగ్గర. ఆ అంకె ఇరవై ఐదు రూపాయలు.

మేముండేది తిరుత్తణి. చిత్తప్ప తిరువళ్ళూరులో ఒక నగల కొట్లో ఇరవై ఏళ్ళుగా సేల్స్‌మన్. అందుకని మా ఇంట్లో ఏ నగ కొన్నా లోకల్ ట్రైన్ ఎక్కి తిరువళ్ళూరు వెళ్ళడం అలవాటు. అక్క హారం కూడా అక్కడే అనుకున్నారు. అమ్మ చీటీ ఎత్తిన డబ్బు, నాన్న పి.ఎఫ్. నుంచి తీసిన కొంత, అదే మా దగ్గరున్నది. సరిగ్గా అప్పుడు నగరి నుంచి మామ ఫోన్ చేశాడు. "అక్కా, ఇక్కడ గ్రాముకు ఇరవై ఐదు రూపాయలు తక్కువుంది. మీ మరిది దగ్గరే ఎందుకు కొనాలి? ఆ ఇరవై ఐదు ఎవరి జేబులోకి పోతోందో అడుగు."

అమ్మ అడగలేదు. కానీ ఆ మాట ఇంట్లో ఉండిపోయింది. మామ అన్నది చిత్తప్పకు తెలిసింది. ఎలా తెలిసిందని అడక్కండి, పెళ్ళి ఇంట్లో మాటలకు కాళ్ళుంటాయి. చిత్తప్ప మా ఇంటికి రావడం తగ్గించాడు. నాన్న మౌనం. అక్క అయితే "హారమే వద్దు" అంది. ఒకే దేశం, ఒకే రోజు, ఒకే 22 క్యారెట్ల బంగారం. పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేని రెండు ఊళ్ళలో రేటు వేరుగా ఉందంటే, ఎవరో ఒకరు మోసం చేస్తున్నట్టే కదా అని మా ఇంట్లో అందరూ నమ్మారు. నిజంగా అలాగేనా అని తెలుసుకోవాలనిపించింది నాకు. చిత్తప్పనే అడిగాను. ఆదివారం కొట్టు మూశాక వాళ్ళింట్లో కూర్చుని, నా నోట్సు వెనక పేజీలో ఆయన వేసి చూపించిన లెక్క ఇది. తర్వాత నేను పేపర్లు, వెబ్‌సైట్లు చూసి సరిపోల్చుకున్నాను.

ముందుగా తెలుసుకోవాల్సింది, బంగారానికి బియ్యం బస్తా మీద అచ్చువేసినట్టు ఒక ఎం.ఆర్.పి. ఉండదు. ప్రభుత్వం రేటు ప్రకటించదు. రేటు మెట్లు మెట్లుగా తయారవుతుంది. కింది మెట్లు దేశమంతటికీ ఒకటే. పై మెట్టు దగ్గర మాత్రం ఊరికో దారి.

మొదటి మెట్టు లండన్. అక్కడ రోజుకు రెండుసార్లు, వాళ్ళ టైము ప్రకారం ఉదయం పదిన్నరకీ మధ్యాహ్నం మూడుకీ, బంగారం ధర నిర్ణయమవుతుంది. అది డాలర్లలో, ఒక ట్రాయ్ ఔన్సుకు. ట్రాయ్ ఔన్సు అంటే 31.1035 గ్రాములు. మిగతా టైములో కూడా ప్రపంచ మార్కెట్లో ధర నిమిష నిమిషానికీ కదులుతూనే ఉంటుంది. మన దేశంలో తవ్వే బంగారం చాలా తక్కువ కాబట్టి దాదాపు అంతా బయటినుంచి కొనుక్కోవాల్సిందే. కొనాలంటే డాలర్లు కావాలి. అందుకని రెండో మెట్టు రూపాయి విలువ. మూడో మెట్టు దిగుమతి సుంకం. 2024 జూలై 23న బడ్జెట్‌లో దాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు.

చిత్తప్ప గుండ్రటి అంకెలతో లెక్క వేశాడు. ఇవి ఏ రోజు రేట్లో కావు, లెక్క తెలియడానికే. లండన్‌లో ఔన్సు 3,300 డాలర్లు అనుకుందాం. 31.1035తో భాగిస్తే గ్రాము 106 డాలర్ల 10 సెంట్లు. డాలరు 86 రూపాయలైతే గ్రాము 9,124 రూపాయలు. దానిమీద 6 శాతం సుంకం 548 రూపాయలు కలిపితే సుమారు 9,672. ఇది మేలిమి బంగారం, అంటే 24 క్యారెట్లు. మన నగ 22 క్యారెట్లు. 24 భాగాల్లో 22 భాగాలే బంగారం, మిగతా రెండు రాగి, వెండి లాంటివి. కాబట్టి 9,672ని 22తో గుణించి 24తో భాగిస్తే 8,866.

ఇంతవరకు తిరుత్తణికీ నగరికీ తేడా లేదు. చెన్నైకీ ముంబైకీ కూడా లేదు. లండన్ ఒకటే, రూపాయి ఒకటే, సుంకం ఒకటే.

"మరి మీ కొట్టు బోర్డు మీద 9,000 ఉంటే?" అని అడిగాను.

చిత్తప్ప 8,866 కిందా 9,000 కిందా రెండు గీతలు గీసి, మధ్యలో 134 అని రాశాడు. "ఊరికీ ఊరికీ తేడా వచ్చేది ఈ సందులోనే" అన్నాడు.

ఆ సందులో ఏముంటుందో ఒక్కొక్కటీ చూద్దాం.

బంగారాన్ని ఎవరు పడితే వాళ్ళు దిగుమతి చేసుకోలేరు. రిజర్వు బ్యాంకు అనుమతించిన బ్యాంకులు, కొన్ని సంస్థలు తెప్పిస్తాయి. కడ్డీలు విమానంలో చెన్నై లాంటి పెద్ద నగరాలకు వస్తాయి. అక్కడినుంచి చెన్నైలో అయితే షావుకారుపేట వైపు హోల్‌సేల్ వ్యాపారుల దగ్గరికి, వాళ్ళ దగ్గరినుంచి మనలాంటి ఊళ్ళకు. ప్రతి చోటా కాపలా, బండి, ఇన్సూరెన్సు, కొద్దిపాటి లాభం. గ్రాముకు పంచితే చిన్న మొత్తమే, కానీ సున్నా కాదు. విమానం దిగే చోటికి దగ్గరగా ఉన్న ఊరికీ దూరంగా ఉన్న ఊరికీ అది సమానంగా ఉండదు.

రెండోది గిరాకీ. హోల్‌సేల్ వ్యాపారి తన దగ్గర సరుకు ఎక్కువై కొనేవాళ్ళు లేకపోతే, దిగుమతి ఖర్చుకన్నా కాస్త తగ్గించి ఇస్తాడు. దాన్ని డిస్కౌంటు అంటారు. ముహూర్తాల నెలల్లో, అక్షయ తృతీయ ముందు, సరుకు చాలకపోతే పైన కొంత వేస్తాడు. అది ప్రీమియం. తమిళ ఆడి నెలలో మా వైపు పెళ్ళిళ్ళుండవు. అదే నెలలో ఇంకో రాష్ట్రంలో పెళ్ళిళ్ళు జరుగుతుండొచ్చు. కాబట్టి ఒకే రోజు ఒక నగరంలో డిస్కౌంటు, ఇంకో నగరంలో ప్రీమియం ఉండటం వింత కాదు. పాత నగలు కరిగించి అమ్మేవాళ్ళు ఎక్కువున్న ఊళ్ళో కొత్త కడ్డీల అవసరం తగ్గుతుంది, అక్కడా రేటు కాస్త మెత్తబడుతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. బోర్డు మీద రాసే రేటు ఒక సంఘం చెప్పేది. చెన్నైలో నగల వర్తకుల సంఘం రోజూ ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆ రోజు రేటు చెబుతుంది. లండన్‌లో అప్పటికి ఇంకా తెల్లవారుజామే. కాబట్టి అంతర్జాతీయ మార్కెట్లో అప్పుడు నడుస్తున్న ధరనీ, మన దేశపు ఎం.సి.ఎక్స్.లో ముందస్తు వ్యాపారం ధరనీ, రూపాయినీ, తమ ఊళ్ళో గిరాకీనీ చూసుకుని నిర్ణయిస్తారు. మార్కెట్ బాగా కదిలిన రోజు మధ్యాహ్నమో సాయంత్రమో మళ్ళీ మారుస్తారు. తమిళనాడు కొట్లు చాలావరకు ఈ చెన్నై రేటునే పాటిస్తాయి. అందుకే తిరువళ్ళూరుకీ తిరుత్తణికీ బోర్డు రేటు ఒకటే. ముంబైలో 1919లో పుట్టిన సంఘం ఒకటుంది, దానిది వేరే ప్రకటన. కేరళలో అక్కడి వర్తకుల సంఘానిది వేరు. ఆంధ్ర వైపు కొట్లు అక్కడి సంఘాల రేటు వైపు చూస్తాయి. ఒక్కో సంఘం ఒక్కో టైముకు కూర్చుంటుంది, తన ఊరి సంగతి తను చూసుకుంటుంది. కలిసి కూర్చోని నలుగురు మనుషులు ఒకే లెక్క వేసినా, చివరి అంకె అచ్చం ఒకేలా రాదు కదా.

చెన్నై రేటులో ఇంకో చిన్న అలవాటు చూడండి. పేపర్లో సవరన్ ఇంత పెరిగింది, ఇంత తగ్గింది అని వేస్తారు. ఆ అంకెలు సాధారణంగా 40, 80, 120, 240, 320 ఇలాగే ఉంటాయి. 37 అనో 93 అనో కనబడదు. ఎందుకంటే గ్రాముకు ఐదు రూపాయల చొప్పున గుండ్రంగా మారుస్తారు, ఎనిమిది గ్రాములకు అది నలభై అవుతుంది. ఇంకో నగరంలో పది గ్రాముల లెక్కన, వేరే రకంగా గుండ్రం చేస్తారు. ఇలా సర్దడంలోనే గ్రాముకు రెండు మూడు రూపాయల తేడా వచ్చేస్తుంది. అందులో ఎవరి దురాశా లేదు.

టైము వల్ల వచ్చే తేడాకి 2024 జూలై 23 మంచి ఉదాహరణ. అప్పుడు నేను ఇంకా స్కూల్లోనే ఉన్నాను గానీ, చిత్తప్ప ఆ రోజు గురించి ఇప్పటికీ చెబుతాడు. ఉదయం బోర్డు మీద ఒక రేటు. పదకొండు తర్వాత బడ్జెట్ ప్రసంగం, సుంకం తగ్గింపు. మధ్యాహ్నానికి రేటు మార్చమని చెన్నై నుంచి కబురు. ఒకే రోజులో సవరన్‌కు రెండు వేల రూపాయలకు పైగా పడిపోయింది. ఆ పూట, బోర్డు మార్చిన కొట్టుకీ ఇంకా మార్చని కొట్టుకీ మధ్య తేడా గ్రాముకు 250 పైమాటే. అది ఊళ్ళ మధ్య తేడా కాదు, గంటల మధ్య తేడా. తిరుత్తణిలో మా వీధి చివరి కొట్లో పదిన్నర దాకా నిన్నటి రేటే ఉండటం నేనే చాలాసార్లు చూశాను. కొట్టు తెరిచిన అబ్బాయికి బోర్డు తుడవడం గుర్తుండదు, అంతే.

నాలుగోది, అసలు తేడా కానే కాని తేడా. ఒకరు 24 క్యారెట్లు చెబుతారు, ఒకరు 22. ఒకరు జి.ఎస్.టి. కలిపి, ఒకరు కలపకుండా. ఒకరు తులం, ఒకరు కాసు. మామ చెప్పిన రేటు పది గ్రాములకు, అమ్మ విన్నది సవరన్‌కు. మొదటి రెండు రోజులు మా ఇంట్లో జరిగిన వాదన దీని మీదే. గ్రాములోకి మార్చి, 22 క్యారెట్లకు, పన్ను లేకుండా, ఒకే గంటలో అడిగితే అప్పుడు తేలింది ఇరవై ఐదు. అదైతే నిజంగా ఉంది. మామ అబద్ధం చెప్పలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. తేడా నిజంగా ఉంటే, వ్యాపారులు నగరిలో కొని తిరుత్తణిలో అమ్మేయరా? అలా అందరూ చేస్తే రెండు రేట్లూ ఒకటైపోవాలి కదా? మా ఎకనామిక్స్ మేడమ్ క్లాసులో చెప్పింది అదే.

చిత్తప్ప నవ్వాడు. "బోర్డు రేటుకి ఎవరైనా నగ అమ్ముతారా?" అన్నాడు. కొనేటప్పుడు బోర్డు రేటు మీద తరుగు, మజూరి, పన్ను పడతాయి. తిరిగి అమ్మేటప్పుడు ఆ మూడూ రావు, పైగా బోర్డు రేటు కన్నా తక్కువే ఇస్తారు. కాబట్టి నగరిలో నగ కొని తిరుత్తణిలో అమ్మితే గ్రాముకు ఇరవై ఐదు లాభం రాదు, వందల్లో నష్టం వస్తుంది. వ్యాపారుల మధ్య నడిచే కడ్డీల రేటు వేరు. అక్కడ తేడా పెరిగితే నిజంగానే సరుకు కదులుతుంది. కిలోకు గ్రాముకు ఇరవై ఐదు చొప్పున ఇరవై ఐదు వేలు వస్తాయంటే ఎవరూ ఊరుకోరు. అందుకే హోల్‌సేల్‌లో తేడా ఎప్పుడూ రవాణా, ఇన్సూరెన్సు ఖర్చుల దగ్గర ఆగిపోతుంది. మనకు బోర్డు మీద కనబడే తేడా ఎక్కువగా చిల్లర కొట్ల లాభం భాగంలో ఉంటుంది. దాన్ని మోసుకుపోయి అమ్ముకునే దారి లేదు కాబట్టి అది అలాగే మిగిలిపోతుంది.

ఒకప్పుడు రాష్ట్రాల మధ్య తేడాకి ఇంకో పెద్ద కారణం ఉండేది. 2017 జూలై 1కి ముందు జి.ఎస్.టి. లేదు, రాష్ట్రానికో వ్యాట్. తమిళనాడులో నగల మీద 1 శాతం, కేరళలో 5 శాతం. మూడు లక్షల నగకు 4 శాతం తేడా అంటే పన్నెండు వేలు. బస్సెక్కి వెళ్ళి కొనడానికి అది సరిపోయే మొత్తమే. ఇప్పుడు దేశమంతటా 3 శాతమే. సరిహద్దు దాటితే పన్ను మారే రోజులు పోయాయి. పెద్దవాళ్ళలో చాలామందికి "పక్క రాష్ట్రంలో చవక" అన్న మాట ఆ రోజులనుంచే మిగిలింది.

ఇక మా హారం లెక్క. మామ చెప్పిన నగరి కొట్లో గ్రాము 8,975, తరుగూ మజూరీ కలిపి 14 శాతం. తిరువళ్ళూరులో చిత్తప్ప పనిచేసే కొట్లో గ్రాము 9,000, తరుగూ మజూరీ కలిపి 12 శాతం. గ్రాము రేట్లు పైన చెప్పినట్టు గుండ్రం చేసినవే, శాతాలు మాత్రం వాళ్ళు నిజంగా చెప్పినవి. తరుగంటే తెలుసు కదా. నగ చేసేటప్పుడు అరిగిపోయే, రాలిపోయే బంగారం అని లెక్క వేసేది. తమిళంలో 'సేదారం' అంటారు. మజూరి అక్కడ 'సెయ్‌కూలి'.

ఐదు సవర్లు, అంటే 40 గ్రాములు. నగరిలో బంగారానికి 3,59,000. తిరువళ్ళూరులో 3,60,000. ఇక్కడిదాకా నగరి వెయ్యి రూపాయలు చవక. మామ ఫోన్‌లో చెప్పింది ఇక్కడిదాకానే.

నగరిలో 14 శాతం అంటే 50,260. మొత్తం 4,09,260. తిరువళ్ళూరులో 12 శాతం అంటే 43,200. మొత్తం 4,03,200. రెండిటి మీదా 3 శాతం జి.ఎస్.టి. కలిపితే నగరిలో 4,21,538, తిరువళ్ళూరులో 4,15,296. వెయ్యి తక్కువ అనుకున్న చోట 6,242 ఎక్కువయ్యింది.

ఇది చదివి నగరి కొట్లు ఖరీదని అనుకోకండి. అక్కడే ఇంకో కొట్లో 10 శాతానికే ఇస్తే లెక్క మొత్తం తిరగబడుతుంది. తరుగు నగ పనితనాన్ని బట్టి, కొట్టును బట్టి, మన బేరాన్ని బట్టి మారుతుంది. నేను చెప్పేది ఒక్కటే. ఊరికీ ఊరికీ బోర్డు రేటులో ఉండే తేడా, మన దాకా వచ్చేసరికి బిల్లులో నూటికి పావలా వంతు. తరుగులో ఒక్క శాతం తేడా దానికి నాలుగింతలు. కానీ బోర్డు వీధిలోకి కనబడుతుంది, తరుగు బిల్లు వేసేటప్పుడు మాత్రమే వినబడుతుంది. అనుమానం ఎప్పుడూ కనబడేదాని మీదే పడుతుంది.

ఈ లెక్క కాగితం నేను అమ్మకిచ్చాను. అమ్మ మామకు ఫోన్‌లో చదివి వినిపించింది. మామ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఆ 12 శాతాన్ని 11 చేయమని నేనే వచ్చి అడుగుతాను" అన్నాడు. వచ్చాడు కూడా. తిరువళ్ళూరు కొట్లో మామ తెలుగులో బేరం, చిత్తప్ప ఓనరుకు తమిళంలో సర్దిచెప్పడం, మధ్యలో నేను. పదకొండున్నరకి కుదిరింది. ఇరవై ఐదు రూపాయలు ఎవరి జేబులోకీ పోలేదని మామ ఒప్పుకున్నట్టు మాటల్లో చెప్పలేదు. కానీ వెళ్ళేటప్పుడు చిత్తప్పను టీకి పిలిచాడు.

మనలో చాలామంది ఇళ్ళల్లో ఈ ఏడో వచ్చే ఏడో ఏదో ఒక నగ కొంటారు. ఎవరైనా మీతో "అక్కడ రేటు తక్కువట" అంటే, ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. ఎన్ని క్యారెట్లకు? ఎన్ని గ్రాములకు? జి.ఎస్.టి. కలిపా, కలపకా? ఏ గంట రేటు? నాలుగూ సరిపోయాక కూడా మిగిలిన తేడాను నగ బరువుతో గుణించి, తరుగు తేడా పక్కన పెట్టి చూడండి. బిల్లులో రాళ్ళ బరువు తీసేసి నికర బరువు మీదే బంగారం లెక్క వేశారా చూడండి. నగ మీద 22కె916 ముద్ర, ఆరు అక్షరాల, అంకెల హెచ్.యు.ఐ.డి. గుర్తు ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగకు అది తప్పనిసరి. ఆ గుర్తును బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి. బోర్డు రేటు ఎంత తక్కువగా ఉన్నా, క్యారెట్లు తక్కువైతే అది చవక కాదు.

లెక్క అయ్యాక నాకు మిగిలిపోయిన ఆలోచన మాత్రం బంగారం గురించి కాదు. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మార్పులో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ గీత కాస్త అటు పడి ఉంటే, మా వీధి చివరి కొట్లో ఆంధ్ర రేటు రాసేవాళ్ళు, చిత్తప్పనే చవకగా అమ్ముతున్నాడని మామ మెచ్చుకునేవాడేమో. లండన్ నుంచి మా ఊరి దాకా బంగారానికి వేసే లెక్కంతా ఒకటే. చివరి ఇరవై కిలోమీటర్లలో ఏ సంఘం చెప్పిన అంకె బోర్డు మీద రాయాలన్నది మాత్రం, ఒక గీతకు ఏ పక్కన పుట్టామన్నదాన్ని బట్టి ఉంది.